ఫ్లాష్ మింగేసిన అంకె: అనోవా పట్టికలో ఖాళీలు నింపేదెలా?

ప్రశ్న: నేను పరిశోధన విద్యార్థినిని. నాలుగు బోధనా పద్ధతులను, గ్రూపుల సగటుల్లో తేడా ఉందా అని చూసే అనోవాతో పోల్చాను. ఒక్కో పద్ధతికి వేరువేరుగా పదిమంది, మొత్తం నలభైమంది. ఒక్కొక్కరికీ వందకి మార్కులు, అన్నీ పూర్ణాంకాలే. ఆ లెక్కలున్న కంప్యూటర్ డిస్క్ పాడైపోయి డేటా మొత్తం పోయింది. మిగిలింది స్క్రీన్‌ని ఫోన్‌తో తీసిన ఒక ఫోటో. దాని మీద ఫ్లాష్ వెలుగు పడి సగం అంకెలు కనిపించడం లేదు. చదవగలిగినది ఇంతే:

```
Source           SS        df    MS      F
Between Groups   ?          3    ?       ?
Within Groups    ?         36    21.19
Total            10?3.60   39
```

ఆఖరి వరుసలోని ఆ మూడో అంకెకి ఎడమ సగం వెలుగులో కలిసిపోయింది. అది 3 కావచ్చు, 8 కావచ్చు, 9 కావచ్చు. నేను 3 అనుకుని చేస్తే ఎఫ్ 4.26 వచ్చింది. నా తోటి విద్యార్థి 9 అనుకుని 5.20 తెచ్చాడు. ఇంకో స్నేహితుడు 8 అనుకుని, ఒక మీన్ స్క్వేర్‌లోంచి ఇంకోటి తీసేసి 0.31 అంటున్నాడు. "పెద్దది వేసెయ్, ఎవరు చూస్తారు" అని మరొకరి సలహా. నేను రాసిపెట్టుకున్న అధ్యాయంలో సగటులు (58.2, 62.1, 63.2, 66.1), ప్రామాణిక విచలనాలు (4.54, 4.75, 4.32, 4.79) ఉన్నాయి. "తేడా 1 శాతం స్థాయిలో సార్థకం" అని కూడా అందులో రాసేశాను. గైడ్ గారికి ఇంకా చెప్పలేదు. వైవాకి నెలే ఉంది, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఒక్క మాట చెప్పేస్తాను, ఈ రాత్రికైనా నిద్ర పడుతుంది. పోయిన అంకెలన్నీ దొరుకుతాయి. ఊహించాల్సిన పని లేదు, ఎవర్నీ బతిమాలాల్సిన పని లేదు. మీ దగ్గర ఉన్న నాలుగు సగటులే చాలు. అయితే మీ ముగ్గురికీ వచ్చిన ఎఫ్ విలువల్లో ఒక్కటీ సరైనది కాదు.

మీరూ మీ తోటి విద్యార్థీ నడిచిన దారి సరైనదే, అంకె ఒక్కటే తప్పు. 0.31 తెచ్చిన స్నేహితుడిది మాత్రం దారే తప్పు. అతని పొరపాటు చాలామంది చేసేదే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. అతను ఏం చేశాడంటే, 1083.60ని 39తో భాగించి 27.78 తెచ్చాడు. అందులోంచి 21.19 తీసేసి, మిగిలిన 6.59ని గ్రూపుల మధ్య మీన్ స్క్వేర్ అనుకున్నాడు. దాన్ని 21.19తో భాగిస్తే 0.31 వచ్చింది. చూడ్డానికి బాగానే ఉంది. కానీ అనోవా పట్టికలో పై నుంచి కిందికి కూడేవి రెండే నిలువు వరుసలు: SS అనే సమ్ ఆఫ్ స్క్వేర్స్ ఒకటి, df అనే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఒకటి. మీన్ స్క్వేర్లు కూడవు, కాబట్టి ఒకదాంట్లోంచి ఒకటి తీసేయడమూ కుదరదు. మీన్ స్క్వేర్ అంటే ఒక మొత్తాన్ని దాని డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌తో భాగిస్తే వచ్చే సగటు. 3తో భాగించిన సగటునూ 36తో భాగించిన సగటునూ కలిపితే 39తో భాగించిన సగటు రాదు. అందుకే చాలా సాఫ్ట్‌వేర్లు ఆఖరి వరుసలో మీన్ స్క్వేర్ గడిని ఖాళీగా వదిలేస్తాయి. మీ ఫోటోలోనూ అది ఖాళీగానే ఉంది చూడండి. ఫ్లాష్ పడి పోయింది కాదు, మొదటి నుంచీ అక్కడ ఏమీ లేదు.

ఇక పట్టికను కిందనుంచి పైకి నింపుకుంటూ వెళ్దాం. సంబంధాలు నాలుగే:

```
SS_within  = MS_within × df_within
SS_between = SS_total − SS_within
MS_between = SS_between / df_between
F          = MS_between / MS_within
```

మొదటి గీతతో 21.19 × 36 = 762.84 వస్తుంది. మీరూ ఇదే వేసుకుని ఉంటారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. 21.19 అనేది సాఫ్ట్‌వేర్ చూపించిన అంకె, దాని లోపలున్న అసలు విలువ కాదు. రెండు దశాంశాలకు కుదించి చూపించింది కాబట్టి అసలు విలువ 21.185కీ 21.195కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. దాన్ని 36తో గుణిస్తే ఆ చిన్న సందేహం కూడా 36 రెట్లు అవుతుంది. అంటే గ్రూపుల లోపలి సమ్ ఆఫ్ స్క్వేర్స్ 762.66 నుంచి 763.02 లోపల ఏదైనా కావచ్చు. 762.84 అని రెండు దశాంశాలతో రాస్తే చాలా కచ్చితంగా ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ ఆ దశాంశాల మీద మనకు ఏ హక్కూ లేదు.

ఇక్కడే మీ డేటా స్వభావం మీకు సాయం చేస్తుంది. మార్కులన్నీ పూర్ణాంకాలని, గ్రూపుకి పదిమందని చెప్పారు. పూర్ణాంకాలు పది కూడి పదితో భాగిస్తే సగటులో ఒకే ఒక్క దశాంశం వస్తుంది. 58.2 అంటే ఆ గ్రూపు మార్కుల మొత్తం కచ్చితంగా 582. మిగతావి 621, 632, 661. అంటే మీ అధ్యాయంలోని సగటులు కుదించినవి కావు, అసలు విలువలే. దీని విలువ ఎంతో కాసేపట్లో తెలుస్తుంది.

గ్రూపుల లోపలి సమ్ ఆఫ్ స్క్వేర్స్‌ని పాత పద్ధతిలో, కాలిక్యులేటర్ మీద చేసేవాళ్లం గుర్తుందా? మీకు గుర్తుండదులెండి, మీ తరానికి సాఫ్ట్‌వేరే చేసిపెడుతోంది. మార్కులన్నిటి వర్గాలనూ కూడి, అందులోంచి ప్రతి గ్రూపు మొత్తం వర్గాన్ని పదితో భాగించి తీసేసేవాళ్లం. మీ గ్రూపు మొత్తాల వర్గాలు 338724, 385641, 399424, 436921. ఇవన్నీ కూడితే 1560710, పదితో భాగిస్తే 156071. దశాంశం లేకుండా సరిగ్గా తెగింది. మార్కుల వర్గాల మొత్తం ఎలాగూ పూర్ణాంకమే. పూర్ణాంకంలోంచి పూర్ణాంకం పోతే మిగిలేదీ పూర్ణాంకమే కదా. కాబట్టి గ్రూపుల లోపలి సమ్ ఆఫ్ స్క్వేర్స్ పూర్ణాంకమై తీరాలి. 762.66కీ 763.02కీ మధ్య ఉన్న పూర్ణాంకం ఒక్కటే: 763. అంటే 762.84 అని మీరు వేసుకున్నది కుదింపు వల్ల వచ్చిన నీడ, అసలు మనిషి 763.

ఇప్పుడు గ్రూపుల మధ్య వరుస. మీరందరూ దీన్ని తీసివేతతోనే తెచ్చారు. తీసివేతకి ఆ మసక అంకె కావాలి కాబట్టి ముగ్గురూ అక్కడే చిక్కుకుపోయారు. కానీ గ్రూపుల మధ్య సమ్ ఆఫ్ స్క్వేర్స్‌ని ఫోటోతో పని లేకుండా సగటుల నుంచి నేరుగా తెచ్చుకోవచ్చు. నాలుగు గ్రూపుల్లోనూ మనుషుల సంఖ్య సమానం కాబట్టి ఉమ్మడి సగటు 62.4. దాని నుంచి ఒక్కో గ్రూపు సగటు ఎంత దూరంలో ఉందో చూడండి:

```
58.2 − 62.4 = −4.2    వర్గం 17.64
62.1 − 62.4 = −0.3    వర్గం  0.09
63.2 − 62.4 =  0.8    వర్గం  0.64
66.1 − 62.4 =  3.7    వర్గం 13.69
                      కూడితే 32.06
SS_between = 10 × 32.06 = 320.60
```

పదితో గుణించడం మర్చిపోవద్దు, చాలామంది 32.06 దగ్గరే ఆగిపోతారు. గ్రూపులోని పదిమందికీ ఆ సగటు దూరం వర్తిస్తుంది కాబట్టి ఒక్కో వర్గాన్ని పదిసార్లు లెక్కపెట్టాలి.

ఇప్పుడు రెంటినీ కూడండి. 320.60 + 763 = 1083.60.

ఫోటోలో కనిపించే అంకెలు 1, 0, ఆ తర్వాత మసక, ఆ తర్వాత 3, .60. మన లెక్క ఆ ఫోటోలోని మసక అంకెని అసలు వాడుకోలేదు. అయినా కనిపించే ఐదు అంకెలూ వాటి చోట్లలో అచ్చంగా వచ్చి కూర్చున్నాయి. ఇది కాకతాళీయం కాదు. ఆ ఖాళీలో ఉన్నది 8. దీనివల్ల ఇంకో సంగతి కూడా తేలింది: మీ అధ్యాయంలోని సగటులూ ఈ ఫోటోలోని పట్టికా ఒకే డేటావి. డేటా దిద్దాక మళ్లీ నడిపినప్పుడు పాత ఫోటో, కొత్త సగటులు కలిసిపోవడం మామూలుగా జరిగేదే. అలా అయి ఉంటే ఈ కూడిక ఇంత శుభ్రంగా కుదిరేది కాదు.

మసక అంకెని కంటితో కూడా ఒకసారి చూసుకోండి. ఫోటోని పెద్దది చేసి, అదే ఫోటోలో 36లోని 3, 39లోని 9 పక్కన పెట్టి పోల్చండి. అదే స్క్రీన్, అదే అక్షరాలు కాబట్టి ఆకారం కూడా అదే ఉండాలి. 9కి కింది ఎడమవైపు తెరిచి ఉంటుంది, 3కి ఎడమవైపంతా తెరిచే ఉంటుంది, 8కి ఎక్కడా ఉండదు. వెలుగు తగ్గించి చూస్తే ఎడమ అంచున సన్నటి నీడ ఏదైనా మిగిలిందేమో తెలుస్తుంది. నాకైతే లెక్క మీదే నమ్మకం ఎక్కువ, కన్ను తనకు కావాల్సిన అంకెనే చూస్తుంది.

మిగిలింది భాగాహారం. 320.60ని 3తో భాగిస్తే 106.87. గ్రూపుల లోపలి మీన్ స్క్వేర్ అసలు విలువ 763 / 36, అంటే 21.1944 (అందుకే స్క్రీన్ మీద 21.19 అని కనిపించింది). ఎఫ్ 5.04.

```
Source           SS        df    MS       F
Between Groups    320.60    3    106.87   5.04
Within Groups     763.00   36     21.19
Total            1083.60   39
```

ఇక్కడ ఒక చిన్న ముల్లు ఉంది. ఫోటోలో 8 స్పష్టంగానే కనిపించి ఉంటే, మీరు 762.84తో తీసివేత చేసి 320.76 తెచ్చుకునేవారు. దాన్ని 3తోనూ, తర్వాత 21.19తోనూ భాగిస్తే ఎఫ్ 5.05 వచ్చేది. అసలు సాఫ్ట్‌వేర్ చూపించి ఉండేది 5.04. రెండింటి మధ్య తేడా వల్ల ఏ నిర్ణయమూ మారదు. కానీ మీ పాత నోట్సులో ఎక్కడో 5.04 అని కనిపిస్తే "నా లెక్క తప్పిందా" అని మళ్లీ కంగారు పడతారు. తప్పింది లెక్క కాదు, మధ్యలోనే కుదించడం. చివర్లో ఒక్కసారే కుదిస్తే ఈ తలనొప్పి ఉండదు.

మీ ప్రామాణిక విచలనాలతో ఇంకో తనిఖీ కూడా చేసుకోవచ్చు, రెండు నిమిషాల పని. నాలుగింటి వర్గాలు 20.6116, 22.5625, 18.6624, 22.9441. కూడితే 84.7806, తొమ్మిదితో గుణిస్తే 763.03. కుదించిన విలువల నుంచి మొదలుపెట్టినా 763కి ఇంత దగ్గరగా వచ్చింది, ఇంకేం కావాలి. తొమ్మిది ఎందుకంటే ఒక్కో గ్రూపులో పదిమంది, ఒకటి తక్కువ. స్ప్రెడ్‌షీట్‌లో STDEV.S కి బదులు STDEV.P వాడి ఉంటే ఈ గుణకారం 687 దగ్గర ఆగిపోయేది. అలా కనిపిస్తే తప్పు పట్టికలో లేదు, ప్రామాణిక విచలనం తీసిన పద్ధతిలో ఉందని అర్థం. అప్పుడు తొమ్మిదికి బదులు పదితో గుణిస్తే మళ్లీ 763 దగ్గరకి వస్తుంది. మీకు ఆ బెడద లేదు.

ఈ పద్ధతి అందరికీ ఇంత సాఫీగా నడుస్తుందని మాత్రం అనుకోవద్దు. మీ గ్రూపుల్లో పన్నెండుమంది చొప్పున ఉన్నారనుకోండి, అప్పుడు 58.2 అనేది కుదించిన సగటు అయ్యేది. దాని అసలు విలువ 58.15 నుంచి 58.25 దాకా ఎక్కడైనా ఉండేది. సగటులో 0.05 తేడా చూడ్డానికి ఏమీ కాదు. కానీ వర్గం చేసి, గ్రూపులోని మనుషుల సంఖ్యతో గుణించేసరికి పెరిగిపోతుంది. మీ పదిమంది లెక్కలోనే సగటులు కుదించినవి అయి ఉంటే 320.60 అనేది 311.7 నుంచి 329.7 దాకా ఎటైనా జరిగేది. మసక అంకె 8 నుంచి 9 అయితే తేడా పదే. అప్పుడు 3 కాదని ధైర్యంగా చెప్పగలిగేవాళ్లం, 8నా 9నా అన్నది మాత్రం ఇంత తేలిగ్గా తేలేది కాదు.

ఇప్పుడు మీ అసలు భయం, ఆ 1 శాతం వాక్యం. 3, 36 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కి ఎఫ్ హద్దు 5 శాతం స్థాయిలో 2.87, 1 శాతం స్థాయిలో 4.38. అచ్చు పట్టికల్లో చాలావరకు 36 ఉండదు, 30 తర్వాత నేరుగా 40 ఉంటుంది. 1 శాతానికి ఆ రెండు హద్దులూ 4.51, 4.31. మీ 5.04 రెంటినీ దాటింది కాబట్టి ఏ వరుస చూసినా నష్టం లేదు. స్ప్రెడ్‌షీట్ ఉంటే `=F.DIST.RT(5.04,3,36)` అని కొట్టండి, 0.005 దగ్గర్లో వస్తుంది. మీ వాక్యం నిలబడింది.

కానీ మీరు తెచ్చిన 4.26తో అది నిలబడదు. 5 శాతం హద్దు దాటుతుంది గానీ 1 శాతం హద్దు దాటదు. ఒక్క అంకెకి ఎడమ సగం కనిపించకపోతే ఒక అధ్యాయం ముగింపు వాక్యమే మారిపోతుంది. అందుకే ఒక జాగ్రత్త చెప్పాలి. "1 శాతం అని నేను రాసేశాను కాబట్టి అది 3 అయ్యుండదు" అని మీరు వాదిస్తే అది చక్కర్లు కొట్టే వాదన. తేల్చాల్సిన దాన్నే సాక్ష్యంగా తెచ్చుకున్నట్టు. అసలు పట్టిక కళ్లముందున్నప్పుడు రాసిన వాక్యం కాబట్టి దానికి కొంత విలువ ఉండొచ్చు. అయినా దాన్ని ఆధారంగా వాడొద్దు. సగటుల నుంచి తేలాక ఆ వాక్యంతో పోల్చి చూసుకోవడం వేరు, దాన్నుంచే మొదలుపెట్టడం వేరు.

మీ ముందున్న దారులు మూడు.

మొదటిది, ఇప్పుడు మనం నింపిన పట్టికనే అధ్యాయంలో పెట్టి, కింద రెండు వాక్యాలు రాయడం. ఏ అంకెలు ఫోటోలో ఉన్నవి, ఏవి సగటుల నుంచి, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ నుంచి తిరిగి లెక్కించినవి అని. దీనివల్ల వైవాలో ఎవరైనా "డేటా చూపించండి" అంటే మీ దగ్గర లేదని ఒప్పుకోవాల్సి వస్తుంది. అది ఇబ్బందే. కానీ పట్టిక ఎలా వచ్చిందో అడిగితే ప్రతి అంకెకీ జవాబు ఉంటుంది. నేనైతే ఇదే చేస్తాను.

రెండోది, మసక అంకె గురించి ఏమీ తేల్చకుండా, మూడు అంకెల్లో ఏదైనా ఎఫ్ 4.26 నుంచి 5.20 లోపల ఉంటుందని, 5 శాతం స్థాయిలో మూడూ సార్థకమే అని మాత్రం రాయడం. సగటులు లేనివాళ్లకి ఇదే నిజాయితీ అయిన దారి. మీరు ఈ దారి పడితే 1 శాతం వాక్యాన్ని వదులుకోవాలి. చేతిలో రుజువు ఉండగా దాన్ని ఎందుకు వదులుకోవాలి అన్నది నా ప్రశ్న. అయితే మీ సగటుల మీదే మీకు అనుమానం ఉంటే, ఉదాహరణకి వాటిని వేరే రోజు వేరే ఫైలు నుంచి తీశారేమో అనిపిస్తే, ఇదే మంచిది. ఆ అనుమానానికి పైన మన కూడిక చాలావరకు జవాబు చెప్పేసింది అనుకోండి.

మూడోది, మార్కులనే మళ్లీ వెతకడం. జవాబు పత్రాలు, మార్కుల జాబితా, ఎవరికో పంపిన మెయిల్, ఎక్కడైనా దొరకొచ్చు. దొరికితే ఇక ఈ తిరిగి కట్టే పనే అక్కర్లేదు, మళ్లీ నడిపి కొత్త పట్టిక పెట్టుకోవచ్చు. దీనికి టైమ్ పడుతుంది, దొరక్కపోవచ్చు కూడా. మొదటి దారి పట్టి పక్కనే దీన్నీ చేసుకోవచ్చు, ఒకదానికొకటి అడ్డం కాదు. దొరికిన మార్కుల్లో గ్రూపుల మొత్తాలు 582, 621, 632, 661 వస్తే అవి ఆ మార్కులే అని వెంటనే తెలిసిపోతుంది.

"పెద్దది వేసెయ్" అన్న సలహా సంగతి కూడా చెప్పాలి. ఎఫ్ గడిలో 5.20 వేశారనుకోండి. దానికి సరిపడా గ్రూపుల మధ్య సమ్ ఆఫ్ స్క్వేర్స్ గడిలో 330.76 వేయాలి. అదే అధ్యాయంలో రెండు పేజీల వెనక సగటులు ఉన్నాయి. పరీక్షకుడు కాలిక్యులేటర్ తీసి నాలుగు తీసివేతలు, నాలుగు వర్గాలు చేస్తే 320.60 వస్తుంది. నేను సిద్ధాంత గ్రంథాలు దిద్దే రోజుల్లో మొదట చేసే పని ఇదే. కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. సగటుల పట్టికకీ అనోవా పట్టికకీ పొసగకపోతే ఆ తర్వాత ఏ అధ్యాయాన్నీ అదే కళ్లతో చదవలేం. 5.20 వేసినా 5.04 వేసినా ముగింపు ఒకటే అయినప్పుడు ఆ 0.16 కోసం అంత ప్రమాదం ఎందుకు తెచ్చుకోవడం?

గైడ్ గారికి చెప్పాలా వద్దా అని మీరు అడగలేదు, "ఇంకా చెప్పలేదు" అన్నారు. చెప్పండి. ఫోటో, సగటులు, పైన చేసిన కూడిక ఒకే కాగితం మీద రాసుకుని వెళ్లండి. "డేటా పోయింది సార్" అనో "మేడమ్" అనో చేతులు ఊపుకుంటూ వెళ్లడం వేరు, "డేటా పోయింది, పట్టిక ఇలా తిరిగి తెచ్చాను, సరిచూడండి" అనడం వేరు. డేటా దాచిపెట్టే విషయంలో మీ సంస్థకి నిబంధనలు ఉంటే వాటి గురించి ఏం చేయాలో చెప్పాల్సింది కూడా ఆయనో ఆమో. ఈ లెక్క ఆ నిబంధన నుంచి మిమ్మల్ని తప్పించదు. పట్టికని తిరిగి తెస్తుంది, మార్కులని కాదు.

ఒక్కటి సరిచూసుకోండి. నలభైమందీ వేరువేరు మనుషులేనా? అదే పదిమందికి నాలుగు పద్ధతుల్లో పాఠం చెప్పి నాలుగుసార్లు పరీక్ష పెట్టి ఉంటే ఇది వన్‌వే అనోవా కాదు. అప్పుడు ఆ రెండో వరుసలో 36 కాదు, 27 ఉండాలి. మీరు వేరువేరు అన్నారు, ఫోటోలో 36 ఉంది, రెండూ కుదిరాయి.

ఏ పద్ధతికీ ఏ పద్ధతికీ మధ్య తేడా ఉందో చెప్పే పరీక్షని కూడా ఈ పట్టిక నుంచే మళ్లీ చేయొచ్చు, మార్కులు అక్కర్లేదు. టూకీ పద్ధతికి కావాల్సింది గ్రూపుల లోపలి మీన్ స్క్వేర్, ఒక్కో గ్రూపులోని మనుషుల సంఖ్య, సగటులు. నాలుగు గ్రూపులు, 36 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కి 5 శాతం స్థాయిలో క్యూ విలువ 3.81. 21.19ని పదిమందితో భాగిస్తే 2.119, దాని వర్గమూలంతో ఆ క్యూ విలువని గుణిస్తే దాదాపు 5.55 వస్తుంది. సగటుల మధ్య తేడా అంతకు మించితేనే లెక్కలోకి వస్తుంది. మొదటి పద్ధతికీ నాలుగో పద్ధతికీ తేడా 7.9, దాటింది. మొదటిదానికీ మూడోదానికీ తేడా 5.0, దాటలేదు. మిగతావి ఇంకా చిన్నవి. మీ అధ్యాయంలో "నాలుగు పద్ధతులూ ఒకదానికొకటి భిన్నం" అని ఎక్కడైనా రాసి ఉంటే, ఆ వాక్యాన్ని ఇప్పుడే దిద్దుకోండి. ఎఫ్ 5.04 ఆ మాట చెప్పడం లేదు.

తిరిగి రానివి కూడా కొన్ని ఉన్నాయి. మార్కుల పంపిణీ ఎలా ఉందో, ఒకరిద్దరు మరీ దూరంగా పడ్డారో లేదో ఈ ఫోటో చెప్పదు. గ్రూపుల్లో మార్కుల చెదురు సమానంగా ఉందా అని చూసే లెవీన్ పరీక్ష చేసి ఉంటే దాని విలువ మళ్లీ తేలేరు, దానికి ఒక్కొక్కరి మార్కూ కావాలి. కాకపోతే మీ ప్రామాణిక విచలనాల్లో చిన్నది 4.32, పెద్దది 4.79. గ్రూపుల్లో మనుషుల సంఖ్య కూడా సమానంగా ఉన్నప్పుడు ఈ కాస్త తేడాని చూసి ఏ పరీక్షకుడూ కనుబొమలు ఎగరేయడు. లెవీన్ విలువ అధ్యాయంలో ముందే రాసిపెట్టుకుని ఉంటే అలాగే ఉంచండి. రాయకపోతే కొత్తగా కల్పించకుండా, ప్రామాణిక విచలనాలు చూపించి వదిలేయండి.